పెట్టెలోని గాలికి కూడా డబ్బు: పార్సిల్ ఖర్చు కాలిక్యులేటర్‌తో నాలుగేళ్లు

బ్రిటన్‌లో ఉన్న మా అమ్మాయికి ఏటా కొండపల్లి బొమ్మలు పంపుతున్నాను. విజయవాడలో నేను వెళ్లే కొరియర్ సంస్థ వెబ్‌సైటులోని ఖర్చు కాలిక్యులేటర్‌ను నాలుగేళ్లుగా వాడుతున్నాను. మనం ఇచ్చే కొలతలు సరైనవైతే అది చూపే రవాణా ఖర్చును నమ్మవచ్చు గాని, గమ్యస్థానంలో పడే పన్ను గురించి అది ఒక్క మాటా చెప్పదు.

తెల్ల పొణికి కర్ర తేలికైనది కాబట్టి మొదటిసారి నేను తూకం ఒక్కటే చూసుకున్నాను. పెట్టెతో సహా 3.8 కిలోలు తూగింది. అయితే బొమ్మలు విరగకూడదని 45, 40, 30 సెంటీమీటర్ల పెట్టె తీసుకున్నాను. ఈ మూడు కొలతలను హెచ్చించి 5000తో భాగిస్తే 10.8 వస్తుంది, దీనినే ఘనపరిమాణ బరువు అంటారు. అసలు తూకం, ఈ బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానిని పై అరకిలోకు సవరించి వసూలు చేస్తారు. ఆ విధంగా 11 కిలోలకు, కిలో 700 చొప్పున, 7,700 రూపాయలు చెల్లించాను.

మరుసటి ఏడు అంతే విలువైన బొమ్మలను ఒక్కొక్కటిగా చుట్టి 40, 30, 25 సెంటీమీటర్ల పెట్టెలో సర్దాను. కాలిక్యులేటర్ సరిగ్గా 6 కిలోలు చూపింది, బిల్లు మాత్రం 7.5 కిలోలకు వచ్చింది. కూరి కూరి సర్దడంతో అట్టపెట్టె పక్కలు ఉబ్బి ప్రతి కొలతా 2 సెంటీమీటర్లు పెరిగిందని, గోదాములో తిరిగి కొలిచినప్పుడు 7.26 కిలోలు తేలిందని తరువాత తెలిసింది. కాబట్టి ఇప్పుడు టేపు వేసి మూసిన తరువాత, ఉబ్బిన చోటే కొలిచి ఆ అంకెలు ఇస్తున్నాను. ఆ తరువాత బిల్లులో తేడా రాలేదు.

ఇక పన్ను సంగతి. బ్రిటన్‌లో 39 పౌండ్లు దాటిన కానుకకు వ్యాట్ పడుతుంది, అది కూడా వస్తువు విలువకు రవాణా ఖర్చును కలిపి లెక్కిస్తారు. బొమ్మల విలువ 55 పౌండ్లు. పౌండు సుమారు నూరు రూపాయలున్న ఆ రోజుల్లో మొదటి పార్సిల్ రవాణాకు 77 పౌండ్లయ్యాయి కాబట్టి 132 మీద 20 శాతం, అంటే 26.40 పౌండ్లు మా అల్లుడుగారు కట్టారు. పెట్టెలో ఖాళీగా ఉన్న చోటుకు ఇక్కడ నేనూ, అక్కడ ఆయనా డబ్బు కట్టామన్నమాట! రెండోసారి ఆ పన్ను 21.50కి తగ్గింది.

ఇప్పుడు అమ్మాయికీ మనవరాలికీ వేర్వేరుగా ఉద్దేశించిన కానుకలను విడివిడిగా చుట్టి, కస్టమ్స్ పత్రంలో ఎవరిది ఎంత విలువో 30, 25 పౌండ్లుగా రాస్తున్నాను. అలా రాసినప్పుడు 39 పౌండ్ల మినహాయింపు ఒక్కొక్కరి కానుకకూ విడిగా వర్తిస్తుంది. నిజంగా ఇద్దరికి పంపుతున్నప్పుడే ఇది చెల్లుతుంది. ఒకరి కానుకనే రెండుగా చీల్చి రాయకూడదు. పన్ను పడిన పార్సిళ్లకు, దానిని ముందుగా కట్టినందుకు కొరియర్ సంస్థ తీసుకునే రుసుము కూడా ఉంటుంది. అది కాలిక్యులేటర్‌లో కనిపించదు కనుక బుకింగ్‌కు ముందే కౌంటరులో అడిగి తెలుసుకుంటున్నాను.