రోజూ రీసెట్ అయ్యే లీవరేజ్ ఫండ్ ఎందుకు కరుగుతుంది: ఒక క్లబ్ ప్రసంగ పాఠం, చాలాసార్లు వాడి చూశాక

ఫైనాన్స్ క్లబ్‌లో అరగంటలో చెప్పడానికి రాసిన పాఠం ఇది. ప్రశ్న ఒక్కటే. ఇండెక్స్ బయలుదేరిన చోటికే తిరిగొచ్చినా, దాని రోజువారీ కదలికకు రెండింతలు, మూడింతలు ఇస్తానన్న ఫండ్ మాత్రం ఎందుకు కిందే ఉండిపోతుంది? దీనికి పాఠం చెప్పే జవాబు సరైనదే, లెక్కలూ సరిగ్గానే ఉన్నాయి. కాకపోతే రెండు మూడు చోట్ల మార్చుకోకుండా ఉన్నదున్నట్టు చదివితే, వినేవాళ్లు వేరే అర్థం పట్టుకుని వెళ్తారు.

మొదట మార్చాల్సింది తొలి ఉదాహరణే. పాఠంలో ఇండెక్స్ మొదటి రోజు 10 శాతం పెరిగి, రెండో రోజు 10 శాతం తగ్గుతుంది. అప్పుడు ఇండెక్స్ 99 దగ్గర, రెండింతల ఫండ్ 96 దగ్గర ఆగుతాయి. ఇక్కడ ఇండెక్స్ కూడా ఒక రూపాయి పోగొట్టుకుంది కాబట్టి, ‘దాని నష్టమే ఫండ్‌లో పెద్దదైంది’ అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అసలు విషయం అక్కడే పక్కదారి పడుతుంది. దీని బదులు ఇండెక్స్‌ను 100 నుంచి 110కి పంపి, మళ్లీ సరిగ్గా 100కే తీసుకురండి. రెండో రోజు తగ్గుదల 9.09 శాతం. రెండింతల ఫండ్ 100 నుంచి 120కి వెళ్లి, 18.18 శాతం పడి 98.18కి చేరుతుంది. మూడింతల ఫండ్ 130కి వెళ్లి 94.55కి వస్తుంది. ఇండెక్స్ నష్టం సున్నా కాబట్టి, మిగిలిన లోటు ఎక్కడిదో చెప్పక తప్పదు.

ఆ లోటు ఎక్కడిదో చెప్పే పేజీయే ఈ పాఠానికి ప్రాణం. ఫండ్ దగ్గర సొంత డబ్బు 100, అప్పు 100. ఆ 200 పెట్టి, ఒక్కొక్కటి 100 చొప్పున రెండు ఇండెక్స్ యూనిట్లు కొంది. మర్నాడు ఇండెక్స్ 110 అయితే యూనిట్ల విలువ 220, అప్పు పోగా సొంతం 120. రేపు కూడా రెండింతలు ఇవ్వాలంటే చేతిలో 240 విలువైన యూనిట్లు ఉండాలి. అంటే ఆ సాయంత్రమే ఇంకో 20 అప్పు తెచ్చి, 110 ధరకు 0.1818 యూనిట్ కొనాలి. రీసెట్ అంటే జరిగేది ఇదే. మూడో రోజుకి ఇండెక్స్ మళ్లీ 100. పాత రెండు యూనిట్లూ పెరిగిందంతా తిరిగిచ్చేసి మొదటికొచ్చాయి, వాటి వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. నిన్న కొత్తగా కొన్న 0.1818 యూనిట్ మీద మాత్రం యూనిట్‌కి 10 చొప్పున 1.818 పోయింది. 100 నుంచి 98.18 తీసేస్తే వచ్చేదీ అంతే. లోటు మొత్తం ఆ సాయంత్రం కొనుగోలుదే. ఇండెక్స్ పడినప్పుడు ఇదే తిరగబడి, ఫండ్ తక్కువ ధరకు అమ్మాల్సి వస్తుంది. పెరిగాక కొనడం, పడ్డాక అమ్మడం అనేది మేనేజర్ తెలివితక్కువతనం కాదు, ‘రోజూ రెండింతలు’ అనే మాటను నిలబెట్టుకోవడానికి కట్టాల్సిన ధర.

ఈ పేజీలో తొందరపడకండి. బోర్డు మీద యూనిట్లు, అప్పు, సొంతం అని మూడు గళ్లు గీసి, ప్రతి అంకెనూ వినేవాళ్లతోనే చెప్పించాలి. ఇది ఎక్కకపోతే తర్వాత చూపించే సూత్రం వట్టి మంత్రంలా వినబడుతుంది.

వెంటనే వచ్చే చిన్న పేరా కూడా బాగుంది. ఇండెక్స్‌కు సరిగ్గా ఎదురు తిరిగే, అంటే మైనస్ ఒకటింతల ఫండ్‌ను తీసుకుని ఇవే రెండు రోజులు నడిపిస్తుంది. అది 100 నుంచి 90కి పడి, 9.09 శాతం పెరిగి 98.18కి వస్తుంది. రెండింతల ఫండ్ ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే. కారణం సూత్రంలో ఉంది: L అంటే ఎన్నింతలో ఆ అంకె అనుకుంటే, కోత పరిమాణాన్ని నిర్ణయించేది L² − L. రెండింతలకైనా మైనస్ ఒకటింతకైనా అది 2 అవుతుంది. మూడింతలకు, మైనస్ రెండింతలకు 6. మైనస్ మూడింతలకు 12. వ్యతిరేక ఫండ్లు ఎందుకంత త్వరగా అరిగిపోతాయో ఈ ఒక్క వరుసతో అర్థమైపోతుంది.

తర్వాతది స్ప్రెడ్‌షీట్ భాగం. A గడిలో రోజువారీ మార్పు, B గడిలో ఇండెక్స్, C గడిలో ఫండ్, E1లో ఎన్నింతలో ఆ అంకె. B2, C2 రెండింటిలో 100 పెట్టి మూడో వరుస నుంచి ఇలా రాయమంటుంది:

```
A3: 2%
A4: =1/1.02-1
B3: =B2*(1+A3)
C3: =C2*(1+$E$1*A3)
```

A3, A4లను జతగా కాపీ చేసి 254వ వరుస వరకు అతికిస్తే 252 రోజులు, అంటే ఒక ఏడాది ట్రేడింగ్ అవుతుంది. B, C గళ్లకు ఒక్క వరుస రాసి లాగితే చాలు. ఇండెక్స్ చివరికి 100. రెండింతల ఫండ్ 90.6. మూడింతల ఫండ్ 74.3. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు A4లో నేరుగా -2% కొట్టేయడం. అలా చేస్తే ఇండెక్సే 95కి జారుతుంది, రెండింతల ఫండ్ 81.7 చూపిస్తుంది, ఆ తేడా అంతా రీసెట్ వల్లే అనుకుంటారు. ఎవరి షీటైనా సరే, ముందు B గడి చివరి అంకె 100 వచ్చిందో లేదో చూడండి. రాకపోతే మొదట A4నే అనుమానించండి.

రోజువారీ ఊపును 2 శాతం నుంచి 1 శాతానికి తగ్గించి, అంటే A3లో 1%, A4లో =1/1.01-1 పెట్టి, ఆ జతను మళ్లీ కిందికి కాపీ చేసి నడిపితే రెండింతల ఫండ్ 97.5 దగ్గర, మూడింతలది 92.8 దగ్గర ఆగుతాయి. ఊపు సగమైతే నష్టం సగం కాదు, దాదాపు పావుకు పడిపోతుంది. ఊపు వర్గంతో పాటు కోత పెరుగుతుందని పాఠం ఒక్క వాక్యంలో చెప్పి వెళ్లిపోతుంది. ఈ రెండు పరుగుల్నీ పక్కపక్కన చూపిస్తే ఆ వాక్యం చెప్పాల్సిన అవసరమే ఉండదు.

పాఠంలో నాకు నచ్చని వాక్యం ఒకటుంది: ‘ఒకరోజు పైకి, ఒకరోజు కిందికి వెళ్లడం వల్లే ఈ నష్టం.’ అది నిజం కాదు. అదే షీట్‌లో 126 పెరుగుదలలు ముందు, 126 తగ్గుదలలు తర్వాత పెట్టి చూడండి. ఇండెక్స్ 100 నుంచి దాదాపు 1,212కి ఎగబాకి మళ్లీ 100కి దిగుతుంది. ఇంత పెద్ద కొండ ఎక్కి దిగినా మూడింతల ఫండ్ చివరి అంకె మారదు, మళ్లీ 74.3. చివరి విలువ రోజువారీ గుణకాల లబ్ధం, గుణకారానికి వరుసతో పనిలేదు. ముఖ్యమైనవి రెండే: రోజువారీ కదలికల పరిమాణం ఎంత, చివరికి ఇండెక్స్ నికరంగా ఎంత జరిగింది. ఒడిదుడుకుల మార్కెట్ అంటే రోజూ చాలా కదిలి, చివరికి ఎక్కడికీ వెళ్లనిది.

నికరంగా ఎటో ఒకవైపు వెళ్లే మార్కెట్‌లో ఇదే రీసెట్ కలిసొస్తుంది. వరుసగా రెండు రోజులు 10 శాతం పెరిగితే ఇండెక్స్ లాభం 21 శాతం. దానికి రెండింతలు 42, ఫండ్ ఇచ్చేది 44. రెండు రోజులూ 10 శాతం పడితే ఇండెక్స్ నష్టం 19. రెండింతల లెక్కన 38 పోవాలి, ఫండ్‌లో పోయేది 36. పాఠం దీన్ని చివర్లో ఒక ఫుట్‌నోట్‌లో దాచింది, నా లెక్కన ఇది మధ్యలోకే రావాలి. లేకపోతే ఈ ఫండ్లు ఎప్పుడూ పోగొడతాయనే భావన మిగిలిపోతుంది. దీనికి తోడుగా నేను చేర్చే లెక్క ఒకటి: రోజుకు 2 శాతం ఊగే ఏడాదిలో మూడింతల ఫండ్ తన 100ను తిరిగి చూడాలంటే ఇండెక్స్ సుమారు 10.4 శాతం పెరగాలి. మామూలు ఇండెక్స్ పెట్టుబడిని దాటాలంటే 16 శాతం. రెండింతల ఫండ్‌కు ఆ అంకెలు 5.1, 10.4. ప్రశ్నల సమయంలో వాదన ముదిరితే ఈ నాలుగు అంకెలు చాలు.

నిజమైన ఉదాహరణగా పాఠం ఎంచుకున్నది అమెరికాలో మార్కెట్ నియంత్రణ సంస్థలైన ఎస్‌ఈసీ, ఫిన్రా కలిసి 2009 ఆగస్టులో పెట్టుబడిదారులకు ఇచ్చిన హెచ్చరిక. 2008 డిసెంబరు 1 నుంచి 2009 ఏప్రిల్ 30 మధ్య ఒక ఇండెక్స్ సుమారు 8 శాతం పెరిగింది. దాని మూడింతల ఫండ్ 53 శాతం పడింది, మైనస్ మూడింతలది 90 శాతం పడింది. రెండు ఎదురెదురు ఫండ్లూ మునగడం చూసి గది నిశ్శబ్దమవుతుంది. పాఠం అక్కడితో ఆగిపోతుంది, కానీ అసలు మజా దాని తర్వాతి రెండు నిమిషాల్లో ఉంది. ఊపు లేకపోతే మూడింతల ఫండ్ 1.08 ఘనం, అంటే 1.26 కావాలి. అయింది 0.47. అంటే ఊపు దాన్ని 0.373 వంతుకు కోసింది. మైనస్ మూడింతలకు L² − L విలువ 6 బదులు 12 కాబట్టి అదే కోత రెండుసార్లు పడాలి: 0.373 × 0.373 = 0.139. దాన్ని 1.26తో భాగిస్తే 0.11. అంటే 89 శాతం నష్టం రావాలి, హెచ్చరికలో ఉన్నది 90. ఒక ఫండ్ అంకెతో రెండోదాని గతి ఇంత దగ్గరగా చెప్పగలిగాక, సూత్రాన్ని ఎవరూ అనుమానించరు.

పెద్ద లోటు ఖర్చుల దగ్గర ఉంది. పాఠంలోని లెక్కల్లో అప్పుకు వడ్డీ సున్నా. రెండింతల ఫండ్ తన సొంత డబ్బుకు సమానంగా, మూడింతలది దానికి రెట్టింపు అప్పు మోస్తుంది. నేరుగా అప్పు తేకుండా ఫ్యూచర్స్, స్వాప్‌ల వంటి ఒప్పందాల ద్వారా చేసినా ఆ వడ్డీ ధరలోనే కలిసి ఉంటుంది. వడ్డీ ఏడాదికి 5 శాతం అనుకుంటే మూడింతల ఫండ్‌కు ఏడాదికి 10 శాతం పోతుంది, ఫండ్ రుసుము వేరే. రోజుకు 1 శాతమే ఊగే ప్రశాంతమైన ఏడాదిలో ఊపు వల్ల పోయేది 7.2 అని పైన చూశాం, అంటే అలాంటి ఏడాదిలో వడ్డీయే పెద్ద కోత. 2 శాతం ఊగే ఏడాదిలో అది తిరగబడి, ఊపు 25.7 తినేస్తుంది. షీట్‌లో C3ను ఇలా మార్చి మళ్లీ కిందికి లాగితే రెండూ కలిసి కనబడతాయి, వడ్డీ రేటు E2లో పెట్టాలి:

```
C3: =C2*(1+$E$1*A3-($E$1-1)*$E$2/252)
```

వ్యతిరేక ఫండ్లకు మాత్రం ఈ గడిలో వడ్డీ ఖర్చు బదులు ఆదాయంగా చేరుతుంది, అది పొరపాటు కాదు. అరువు తెచ్చిన యూనిట్లను అమ్మగా, అంటే షార్ట్ చేయగా వచ్చిన డబ్బు, సొంత డబ్బు రెండూ వాళ్ల దగ్గరే నగదుగా ఉంటాయి. అసలు ఫండ్‌కు ఆ వడ్డీ పూర్తిగా చేతికి రాదు, కాబట్టి అక్కడ వచ్చే అంకెను గరిష్ఠంగా మాత్రమే చదవాలి.