చార్టు స్క్రీన్‌షాట్ నుంచి వరసల వారీ సూచనలు: మూడేళ్ళ వాడకం తర్వాత స్ప్రెడ్‌షీట్ పద్ధతిపై సమీక్ష

మా అమ్మ చేతికి అల్లిక బాగా వచ్చు. కానీ ఇప్పుడు చార్టులోని చిన్న గడులు ఆవిడ కళ్ళకు ఆనడం లేదు. వరస చదివి వినిపిస్తే చాలు, చకచకా అల్లేస్తుంది. అందుకే మూడేళ్ళుగా నచ్చిన నిట్టింగ్ చార్టు ఏది దొరికినా స్క్రీన్‌షాట్ తీసి, గడులను స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి, దాని నుంచి వరసల వారీ సూచనలు రాస్తున్నాను. ఇప్పటికి ముప్పైకి పైగా చార్టులు అలా మార్చాను. ఈ పద్ధతిలో ఏది నిలిచింది, ఏది నన్ను ఏడిపించింది అన్నది ఒక చిన్న లేసు చార్టు పట్టుకుని చెబుతాను.

ఆ చార్టు 13 గడుల వెడల్పు, 6 వరసల ఎత్తు. రెండు అంచుల్లోనూ రెండేసి కుట్లు, మధ్యలో ఎర్ర పెట్టెలో మళ్ళీ మళ్ళీ అల్లాల్సిన 9 కుట్ల భాగం, అంటే రిపీట్. చిహ్నాలు ఆరే: ఖాళీ గడి, అడ్డగీత, సున్నా, కుడికి వాలిన గీత, ఎడమకు వాలిన గీత, మధ్యలో మూడు కుట్లను ఒకటి చేసే చిహ్నం.

అందరూ మొదట తడబడేది చదివే దిశ దగ్గర. చార్టు అంటే అల్లిన బట్ట ముందు వైపు నుంచి కనిపించే బొమ్మ. ముందు వైపు వరసను కుడి నుంచి ఎడమకు చదవాలి. అల్లిక తిప్పాక వెనక వైపు వరసను ఎడమ నుంచి కుడికి చదవాలి. వరస నంబరు ఏ పక్కన ఉంటే అక్కడే మొదలుపెట్టాలి. నంబర్లన్నీ కుడి పక్కనే ఉండి, వరసలన్నీ చూపించి ఉంటే, అది దాదాపుగా గుండ్రంగా అల్లే చార్టు. అప్పుడు ప్రతి వరసా కుడి నుంచి ఎడమకే. బేసి నంబర్లు మాత్రమే ఉంటే, మిగతా వరసలు ఎలా అల్లాలో చార్టు పక్కన ఎక్కడో ఒక వాక్యంలో ఉంటుంది. స్క్రీన్‌షాట్‌లో ఆ వాక్యం కూడా పడేలా చూసుకోవాలి. నేను రెండుసార్లు అది వదిలేసి మళ్ళీ వెతుక్కున్నాను.

దిశ సరిగ్గా పట్టుకున్నా ఇంకో మెలిక ఉంది. ముందు నుంచి నిట్‌లా కనిపించే కుట్టును వెనక నుంచి పర్ల్‌గా వేయాలి. అంటే ఖాళీ గడి ముందు వరసలో `k`, వెనక వరసలో `p`. అడ్డగీత దీనికి తిరగేసి ఉంటుంది. మన చార్టులో 2వ వరసలో అంచు గడుల్లో అడ్డగీతలు, మధ్యలో 9 ఖాళీ గడులు. సరైన సూచన `k2, p9, k2`. చిహ్నాల అర్థాలు చెప్పే లెజెండ్‌లో మొదటి అర్థం మాత్రమే చూసి `p2, k9, p2` అని రాస్తే నాలుగు వరసలయ్యేసరికి తేడా తెలిసిపోతుంది: లేసు మధ్యలో అడ్డంగా గట్లు లేస్తాయి, చదునుగా ఉండాల్సిన అంచులు లోపలికి చుట్టుకుపోతాయి.

ఇక షీటు. చార్టు ఎలా కనిపిస్తే అలాగే, 1వ వరస అడుగున ఉండేలా, B నుంచి N వరకు 13 గడుల్లో ఎక్కిస్తాను. చిహ్నాలను యథాతథంగా టైప్ చేయను. కొన్ని షీట్లలో `/` నొక్కితే మెనూ తెరుచుకుంటుంది, `=` పెడితే ఫార్ములా అనుకుంటుంది, `*` అయితే లెక్కించేటప్పుడు ఏ అక్షరానికైనా సరిపోతుంది. అందుకని ప్రతి చిహ్నానికీ ఒక అక్షరం: K, P, O, కుడికి వాలినదానికి R, ఎడమకు వాలినదానికి L, మూడింటిని ఒకటి చేసేదానికి D, కుట్టు లేని గడికి X. పక్కనే Q నుంచి T వరకు చిహ్నాల పట్టిక: అక్షరం, ముందు వైపు అర్థం, వెనక వైపు అర్థం, చివరి నిలువులో ఆ కుట్టు కింది వరస నుంచి ఎన్ని కుట్లు తింటుందో.

ఈ పద్ధతిని నేను ఇన్నాళ్ళు వదలకపోవడానికి కారణం ఆ చివరి నిలువే. మామూలు కుట్టు ఒకటి తిని ఒకటి ఇస్తుంది. సున్నా, అంటే సూది మీద నూలు చుట్టే `yo`, ఏమీ తినకుండా ఒకటి ఇస్తుంది. కుడికి వాలిన `k2tog`, ఎడమకు వాలిన `ssk` రెండేసి తిని ఒకటి ఇస్తాయి. మూడింటిని ఒకటి చేసే `sk2p` మూడు తిని ఒకటి ఇస్తుంది. ఒక వరస తినేది, దాని కింది వరస ఇచ్చినదానికి సమానం కావాలి. కాకపోతే చార్టును ఎక్కడో తప్పు చదివినట్టే. షీటులో 3వ అడ్డ వరసకు, అంటే చార్టులో 5వ వరసకు, తినేదీ ఇచ్చేదీ ఇలా లెక్కిస్తాను:

```
=SUMPRODUCT(SUMIF($Q$2:$Q$8,B3:N3,$T$2:$T$8))
=COUNTA(B3:N3)-COUNTIF(B3:N3,"X")
```

మసక స్క్రీన్‌షాట్‌లో సున్నాను చుక్క అనుకున్నా, బూడిద రంగు గడి కుట్టు లేని గడో లేక ఊరికే వేసిన నేపథ్యమో తెలియకపోయినా ఇక్కడ దొరికిపోతుంది. ఊలు ముట్టుకోకముందే తెలియడం ఎంత హాయో, లేసు విప్పిన అనుభవం ఉన్నవాళ్ళకు చెప్పక్కర్లేదు.

అయినా మొదటి ఏడాది ఇదే చార్టు దగ్గర దెబ్బ తిన్నాను. అమ్మ 40 కుట్లు ఎక్కించింది: నాలుగు రిపీట్లకు 36, అంచులకు 4. మొదటి నాలుగు వరసలు చక్కగా వచ్చాయి. 5వ వరస చివర ఆగి, "ఏమే, మూడు కుట్లు మిగిలాయి, సరిగ్గానే చదివావా?" అంది. మళ్ళీ చదివాను. మళ్ళీ మూడే మిగిలాయి. షీటులో చూస్తే 13 తిని 13 ఇస్తోంది, ఏ తప్పూ లేదు.

తప్పు ఎర్ర పెట్టెలో ఉంది. స్క్రీన్‌షాట్‌ను పెద్దది చేసినప్పుడు పెట్టె గీత పలచబడి, రిపీట్ ఒక గడి ఎడమకు మొదలైనట్టు కనిపించింది. అసలు రిపీట్ `k2tog, yo, k5, yo, ssk`: 9 తిని 9 ఇస్తుంది. నేను రాసుకున్నది `yo, k5, yo, ssk, k1`: 8 తిని 9 ఇస్తుంది. ఒక్క రిపీట్ ఉన్న చార్టులో పెట్టె బయట పడిన `k2tog` ఆ తేడాను సర్దేసింది. నాలుగు రిపీట్లు వేసేసరికి 40లో 37 మాత్రమే ఖర్చయి మూడు మిగిలాయి. మరి 1, 3 వరసల్లో ఎందుకు బయటపడలేదు? వాటిలో రిపీట్ మొదటి గడీ, పక్కనున్న అంచు గడీ రెండూ నిట్టే కాబట్టి, పెట్టె జరిగినా అదే అల్లిక వస్తుంది. వెనక వరసలను పెట్టె చూడకుండా, అంచు వదిలి మిగతా అంతా పర్ల్ అని రాశాను.

ఆ రోజు నుంచి పెట్టె లోపలి గడులకు, ఇక్కడ D నుంచి L వరకు, అవే రెండు ఫార్ములాలు విడిగా పెడుతున్నాను. వెడల్పు మారకుండా సాగే చార్టులో రిపీట్ తనంతట తాను సమంగా తేలాలి. తేలకపోతే గీతను మళ్ళీ చూడాలి. కొన్ని చార్టుల్లో మధ్య తగ్గింపు పెట్టె అంచు మీద పడుతుంది కాబట్టి, డిజైనరే ఆ వరసలో గీతను ఒక గడి పక్కకు మెలిపి గీస్తారు. ఆ మెలికను చాలాసార్లు స్క్రీన్‌షాట్ లోపం అనుకుని తిన్నగా చదివేస్తాం.

లెక్క పట్టుకోలేనిది ఒకటుంది. `k2tog`, `ssk` రెండూ రెండేసి తింటాయి కాబట్టి, ఒకదాని బదులు ఇంకోటి రాసినా అంకెలు నిక్షేపంగా కలుస్తాయి. ముందు వైపు వరసను ఎడమ నుంచి కుడికి చదివినా అంతే. మన చార్టులో రంధ్రాలు మధ్య నుంచి మొదలై పైకి పోయేకొద్దీ రెండు పక్కలకూ విడిపోతాయి. తగ్గింపు కుట్లు కూడా అటే వాలి గీతలా సాగుతాయి. తారుమారైతే ఆ గీత తెగి, మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. అందుకే షీటు ఎంత పచ్చజెండా ఊపినా రెండు రిపీట్ల నమూనా ముక్క అల్లి, చార్టు పక్కన పెట్టి చూస్తాం. ఇంకో జాగ్రత్త: వాలుగీతల అర్థం ప్రతి చార్టుకూ దాని లెజెండ్‌లోనే చూడాలి. పాత షీటు పట్టిక కాపీ చేసి వాడకూడదు, ఎందుకంటే చిహ్నాలు ప్రచురణకర్తను బట్టి మారతాయి.

సూచనల వాక్యాలు కూడా ఫార్ములాతో రాయించాలని కొన్నాళ్ళు ప్రయత్నించాను. `k, k, k` అని వచ్చేవాటిని `k3` చేయడం, రిపీట్‌కు నక్షత్రం పెట్టడం కలిపేసరికి ఫార్ములా చాంతాడంత అయింది, తప్పు వెతకడం కష్టమైంది. ఇప్పుడు చేత్తోనే రాస్తాను. ఈ చార్టుకు తుది రూపం ఇది:

```
1: k2, *k3, yo, sk2p, yo, k3*, k2
3: k2, *k1, k2tog, yo, k3, yo, ssk, k1*, k2
5: k2, *k2tog, yo, k5, yo, ssk*, k2
2, 4, 6: k2, p to last 2, k2
```

జడ అల్లికల చార్టులకు ఇది సగమే పనికొస్తుంది. నాలుగు గడుల మీద పరుచుకున్న చిహ్నం నాలుగు తిని నాలుగు ఇస్తుంది కాబట్టి లెక్క ఎప్పుడూ కలుస్తుంది. కుట్లను ముందుకు పట్టాలా వెనక్కి పట్టాలా అన్నది మాత్రం లెజెండ్ చూసి మనమే రాసుకోవాలి. క్రాస్ స్టిచ్ చార్టుకైతే వాడి మానేశాను. అక్కడ ఒక గడి ఇంకో గడిని తినదు, సరిచూసుకోవడానికి ఏ లెక్కా ఉండదు. పైగా కుట్టేవాళ్ళు రంగు వెంబడి పోతారు కానీ వరస వెంబడి పోరు.

అమ్మ కోసం చివర్లో ఒక మార్పు చేశాను. ప్రతి వరస పక్కన, అది పూర్తయ్యాక సూది మీద ఎన్ని కుట్లుండాలో రాస్తున్నాను. ఈ లేసులో అన్ని వరసలకూ 40. వరస అయిపోగానే ఆవిడ వేళ్ళతో తడుముతూ లెక్కపెడుతుంది. "నలభై" అన్నాకే నేను తర్వాతి వరస చదువుతాను.