మక్కికి మక్కినా, కథలా చెప్పడమా? సైన్స్ పేపర్ సారాంశాన్ని తెలుగు చేయడంలో ఏది మేలు?

పరిశోధన పేపర్‌కి తలకట్టులా ఉండే అబ్‌స్ట్రాక్ట్ మహా అయితే పది వాక్యాలు. సైన్స్ పత్రిక కోసం దాన్ని తెలుగు చేయడమంటే గంట పని అనుకున్నాను. మూడు రోజులు పట్టింది. పైగా ఒక పెద్ద తప్పు అచ్చు దాకా వెళ్లి ఆగింది.

నేను చేసింది, అమెరికాలో రెండు చోట్ల డిటెక్టర్లు పెట్టి చూసే లైగో పరిశోధకుల పేపర్. గురుత్వాకర్షణ తరంగాలు, అంటే స్థలకాలంలో పుట్టే అలలు, తొలిసారి నేరుగా దొరికాయని ప్రకటిస్తూ 2016 ఫిబ్రవరిలో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వచ్చింది. దాని సారాంశం తొమ్మిదే వాక్యాలు. మూడు రకాలుగా రాసి చూశాను. మొదటిది మక్కికి మక్కి. రెండోది పేపర్ పక్కన పెట్టేసి కథలా చెప్పడం. మూడోది వాక్యాల్ని విప్పేసి, అందులో ఉన్న విషయాల్లో పాఠకుడికి ముఖ్యమైన ఏ ఒక్కటీ జారిపోకుండా తెలుగులో మళ్లీ కట్టడం. చివరికి అచ్చైంది మూడోదే. అయితే అన్ని వాక్యాల దగ్గరా అదే గెలవలేదు.

మూడో వాక్యం తీసుకుందాం. వచ్చిన సిగ్నల్ సాధారణ సాపేక్షతా సిద్ధాంతం చెప్పిన తరంగ రూపంతో సరిపోయిందని చెప్పే వాక్యం అది. మక్కికి మక్కి చేస్తే ఇలా తయారైంది:

"సాధారణ సాపేక్షతా సిద్ధాంతముచే ఒక జత కృష్ణబిలముల అంతఃసర్పిలనము, విలీనము మరియు తత్ఫలితమగు ఏక కృష్ణబిలపు నాద క్షీణత కొరకు అంచనా వేయబడిన తరంగ రూపముతో ఇది సరిపోలుచున్నది."

ఇందులో తప్పు ఒక్కటీ లేదు, కానీ ఎవరూ చదవరు. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది కాబట్టి వెనక ఎంత తోక తగిలించినా పాఠకుడు మోయగలడు. తెలుగులో క్రియ చివర్న ఉంటుంది. విశేషణాలన్నీ నామవాచకం ముందు పేరుకుపోతాయి. 'సరిపోలుచున్నది' దాకా వచ్చేసరికి ఏది దేనితో సరిపోలిందో మర్చిపోతాం. పైగా ఆ 'అంతఃసర్పిలనం' నేను అప్పటికప్పుడు కుట్టిన మాట. సంస్కృతంలో ఉంది కాబట్టి శాస్త్రీయంగా ఉందని నాకు అనిపించింది, అంతే.

కథలా రాసినప్పుడు ఇదే వాక్యం "ఐన్‌స్టీన్ వందేళ్ల కిందట చెప్పింది అక్షరాలా నిజమైంది" అయింది. చదవడానికి ఎంత హాయిగా ఉందో! కానీ పేపర్ ఆ మాట అనలేదు. ఒక సిగ్నల్ ఒక లెక్కతో సరిపోయిందని మాత్రమే అంది. సరిపోవడం వేరు, సిద్ధాంతం మొత్తం రుజువైపోవడం వేరు.

మూడో పద్ధతిలో దాన్ని మూడు వాక్యాలు చేశాను: "రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ దగ్గరవుతాయి, కలిసి ఒక్కటవుతాయి, ఆ కొత్త కృష్ణబిలం కొట్టిన గంటలా కాసేపు కంపించి సద్దుమణుగుతుంది. అలా జరిగితే ఎలాంటి తరంగం వస్తుందో సాపేక్షతా సిద్ధాంతం ముందే లెక్క చెప్పింది. వచ్చిన సిగ్నల్ ఆ లెక్కతో సరిపోయింది." చోటు ఎక్కువ తీసుకుంటుంది, నిజమే. కానీ జరిగింది జరిగిన వరసలో వస్తోంది, కాబట్టి పాఠకుడు వెనక్కి వెళ్లి వెతుక్కోనక్కర్లేదు.

ఇక పదాల సంగతి. పొడవు ఎంత వంతు మారిందో చెప్పే స్ట్రెయిన్ అన్న మాటకి మన ఇంటర్ ఫిజిక్స్ పుస్తకాల్లో 'వికృతి' అని ఉంది. పరిభాష ప్రకారం అదే కరెక్ట్. కానీ పత్రిక చదివే మనిషికి వికృతి అంటే వికారమైన రూపమో, ప్రకృతి వికృతుల వ్యాకరణమో గుర్తొస్తుంది. 'తరంగ వికృతి 1.0×10⁻²¹' అని రాస్తే ఇంటర్ పాఠం గుర్తున్నవాళ్లకి తప్ప ఎవరికీ ఏమీ అందదు. కథ పద్ధతిలో "ప్రోటాన్ కంటే చిన్న కదలిక" అనేశాను. అది తప్పు కాదు. L ఆకారంలో ఉండే లైగో డిటెక్టర్‌కి ఒక్కో చెయ్యి పొడవు 4 కిలోమీటర్లు. దానిలో 10⁻²¹ వంతు అంటే ప్రోటాన్ అడ్డుకొలతలో సుమారు నాలుగు వందల్లో ఒక వంతు. అయితే అసలు స్ట్రెయిన్ అంటే పొడవు కాదు, నిష్పత్తి. ప్రోటాన్ పోలికలో ఆ నిష్పత్తి మాయమైపోతుంది. అందుకని ఇంకోలా చెప్పాను: సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరి నక్షత్రం సుమారు 4.2 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆ దూరం మొత్తం ఒక సన్నటి వెంట్రుక మందమంత మారితే ఎంత తేడానో, డిటెక్టర్ చేతుల్లో వచ్చిన తేడా అంత. (లెక్క వేసి చూసుకున్నాను, 0.04 మిల్లీమీటర్లు వస్తుంది.) పోలిక వెతకడం తేలికే. అసలు సంఖ్య ఏ జాతిదో, పోలిక కూడా ఆ జాతిదే అయ్యేలా చూసుకోవడం కష్టం.

ఇప్పుడు అచ్చు దాకా వెళ్లిన తప్పు. నాలుగో వాక్యంలో ఫాల్స్ అలారం రేటు 2,03,000 ఏళ్లకి ఒకటి కంటే తక్కువ అని ఉంది. మక్కికి మక్కి చేస్తే "తప్పుడు హెచ్చరిక రేటు 2,03,000 సంవత్సరాలకు 1 సంఘటన కంటే తక్కువగా అంచనా వేయబడినది" అని వచ్చింది. దాన్ని సాఫీ చేద్దామని "రెండు లక్షల ఏళ్లకోసారి జరిగే అరుదైన ఘటన" అని రాసి పంపేశాను. భలే వాక్యం అనుకున్నాను కూడా. అది పూర్తిగా వేరే విషయం! ప్రూఫ్ చూస్తున్న మిత్రుడు ఫోన్ చేసి ఒకటే అడిగాడు. "మరి మూడు నెలలకే ఇంకోటి ఎలా దొరికిందండీ?" మొదటి సిగ్నల్ 2015 సెప్టెంబర్ 14న వచ్చింది. రెండోదిగా ప్రకటించినది అదే ఏడాది డిసెంబర్ 26న.

పేపర్ చెప్పేది కృష్ణబిలాలు ఎంత అరుదుగా ఢీకొంటాయో కాదు. యంత్రాల్లో ఎప్పుడూ ఉండే రొద మనల్ని ఎంత అరుదుగా ఇలా మోసం చేస్తుందో చెబుతోంది. సరిదిద్దాక ఇలా వచ్చింది: "ఏ తరంగమూ రాకుండానే, రెండు చోట్లా మామూలు రొదే కాకతాళీయంగా ఒకేలా కలిసి ఇంత బలమైన సిగ్నల్‌లా కనిపించాలంటే, అలాంటిది 2,03,000 ఏళ్లలో ఒక్కసారి కూడా జరగదని అంచనా." వెంటనే ఇంకో ప్రశ్న వస్తుందని తెలుసు: యంత్రాలు పెట్టి కొన్నాళ్లే అయితే లక్షల ఏళ్ల లెక్క ఎలా తెలిసింది? దానికి సారాంశంలో జవాబు లేదు. పేపర్ లోపల ఉంది. 16 రోజుల డేటా తీసుకుని, ఒక డిటెక్టర్ రికార్డుని రెండోదానితో పోలిస్తే కాలంలో కాస్త ముందుకో వెనక్కో జరుపుతారు. అలా జరిపాక రెండిట్లోనూ కలిసి కనిపించేది నిజమైన తరంగం అయ్యే వీల్లేదు, కాకతాళీయమే అవ్వాలి. ఈ జరపడం లక్షల సార్లు చేస్తే అన్ని ఏళ్ల రొద చూసినట్టే లెక్క. ఈ మాట కలిపితే సారాంశాన్ని దాటిపోయినట్టే, మక్కికి మక్కి పద్ధతి దీన్ని ఒప్పుకోదు. నేను మాత్రం కలిపాను.

అదే వాక్యంలో సిగ్నిఫికెన్స్ అన్న మాట ఉంది, ఫలితం కాకతాళీయం కాదని ఎంత గట్టిగా అనొచ్చో చెప్పే మాట. తొందరలో 'ప్రాముఖ్యత' అని రాసేస్తాం, నేనూ రాశాను. గణాంకాల్లో దానికీ ప్రాముఖ్యతకీ సంబంధం లేదు. 'సార్థకత' అనే పరిభాష ఉన్నా పత్రికలో మళ్లీ వివరించాలి. 5.1 సిగ్మా అన్న అంకె కూడా పైన చెప్పిన విషయాన్నే ఇంకో భాషలో చెబుతుంది కాబట్టి వదిలేశాను.

దూరం దగ్గర ఉచ్చు ఇంకో రకం. పేపర్‌లో 410 మెగాపార్సెక్‌లు అని ఉంది. గుణించేస్తే 133.7 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ దశాంశం చూస్తే టేపు పెట్టి కొలిచారనుకుంటారు. నిజానికి పేపర్‌లో ఆ 410 పక్కనే ఎగువన 160, దిగువన 180 తేడా రావచ్చని ఉంది. అంటే 75 కోట్ల నుంచి 186 కోట్ల దాకా ఎక్కడైనా ఉండొచ్చు. "సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాలు" అని రాసి, అనిశ్చితి ఎంతో పక్క వాక్యంలో చెప్పాను. అనిశ్చితిని 'పొరపాటు' అని రాయకూడదు. అలా రాస్తే శాస్త్రవేత్తలు ఎక్కడో తప్పు చేశారని అర్థమవుతుంది. ద్రవ్యరాశుల దగ్గర మాత్రం సంఖ్యలు ఉన్నవి ఉన్నట్టు ఉంచాను. ఒకటి సూర్యుడికి 36 రెట్లు, ఇంకోటి 29 రెట్లు, కలిశాక మిగిలింది 62 రెట్లు. పాఠకుడు తనే కూడి తీసేసి "మరి 3 ఎక్కడికి పోయాయి?" అనుకుంటాడు. మూడు సూర్యుల ద్రవ్యరాశి తరంగాల శక్తిగా పోయిందన్న జవాబు అప్పుడు ఇస్తే చాలు. ముందు ఒక్కసారి 'సుమారుగా' అంటే సరిపోతుంది, ప్రతి అంకెకీ అక్కర్లేదు.

మక్కికి మక్కి పద్ధతే గెలిచిన చోటు చివరి వాక్యం. గురుత్వాకర్షణ తరంగాల్ని నేరుగా గుర్తించడం ఇదే మొదటిసారి అంటుంది. కథ పద్ధతిలో 'నేరుగా' ఎగిరిపోయింది. అది చిన్న మాటే, కానీ అది లేకపోతే వాక్యం అబద్ధం. 1974లో కనిపెట్టిన జంట పల్సార్, అంటే లయగా రేడియో సంకేతాలు పంపే నక్షత్రం ఇంకోదానితో జతగా తిరిగేది, దాని కక్ష్య లెక్క ప్రకారమే కుంచించుకుపోతుండటం వల్ల ఈ తరంగాలు ఉన్నాయని పరోక్షంగా తెలిసింది, ఆ పల్సార్‌ని కనిపెట్టినందుకు 1993లో నోబెల్ కూడా వచ్చింది. కాబట్టి చివరి వాక్యాన్ని మాట మాటా తెలుగు చేసి, మొత్తం సారాంశానికి ముందుకి తెచ్చాను. పేపర్ చదివేవాడు చివరి దాకా ఆగుతాడు, పత్రిక పాఠకుడు ఆగడు.

అయితే మాట మాటా చేస్తే చాలు, తప్పు రాదనుకోకూడదు. మొదటి వాక్యంలో రెండు డిటెక్టర్లు 'ఏకకాలంలో' గమనించాయని ఉంది. లోపలికి వెళ్తే లివింగ్‌స్టన్‌లో ముందు కనిపించి, సుమారు 7 మిల్లీసెకన్ల తర్వాత హాన్‌ఫర్డ్‌లో కనిపించిందని ఉంటుంది. సారాంశం రాసినవాళ్లే సర్దుకుని రాశారన్నమాట. నేను 'దాదాపు ఒకేసారి' అన్నాను. మూలంలో లేని 'దాదాపు' చేర్చినందుకు ఒకరిద్దరు అడిగారు, పేపర్ లోపలి పేజీ చూపించాను.

కథ పద్ధతిని పూర్తిగా కొట్టేయను. పిల్లల పేజీకైతే అదే మేలు, దాని మీద 'సారాంశానికి అనువాదం' అన్న ముద్ర వేయనంత వరకు. మక్కికి మక్కి రాసిన చిత్తుప్రతి కూడా వృథా కాదు. ఏ విషయం జారిపోయిందో చూసుకోవడానికి మూడో పద్ధతిలో రాసిన ప్రతి పక్కన అది ఉండాల్సిందే. నేను వాక్యానికో టిక్కు పెట్టుకుంటూ పోతాను. ఆ తర్వాత పేపర్ చూడని ఒకరికి తెలుగు ప్రతి మాత్రమే ఇచ్చి, "ఇలాంటిది మళ్లీ ఎప్పుడు జరగొచ్చు?" అని అడుగుతాను. "రెండు లక్షల ఏళ్లకి" అన్నారంటే మళ్లీ మొదలు.

ఇంకా తృప్తి లేనిది ఆ గంట పోలిక. కొట్టిన గంట అనగానే శబ్దం వినిపిస్తుంది. సిగ్నల్ 35 నుంచి 250 హెర్ట్జ్‌కి ఎగబాకిందని కూడా రాస్తే, ఆ అంకెలు చెవికి వినిపించే పరిధిలోవే కాబట్టి, అంతరిక్షంలోంచి శబ్దం వచ్చిందనే అనుకుంటారు. రింగ్‌డౌన్ అన్న ఇంగ్లీషు మాటలోనూ గంట మోత ఉంది కాబట్టి తప్పు నా ఒక్కడిదే కాదు. 'కంపించి' అని రాశాను, 'మోగి' అని రాయలేదు. అంతకంటే మంచి మాట ఇప్పటికీ దొరకలేదు.