మండపం టెంప్లేట్: రెండేళ్ల వాడకం తర్వాత

వధూవరుల విడివిడి ఫొటోలు పెడితే శుభలేఖ మీద జంటగా నిలబెట్టే ఈ ఫొటోషాప్ పీఎస్‌డీలో మొదట్నుంచీ నచ్చింది ముందు లేయరు. మండపం, అరటిచెట్లు, మామిడి తోరణం వెనకుంటాయి. బంతిపూల దండలు, కలశం మాత్రం జంటకు ముందొస్తాయి. ఫొటో నడుము దగ్గర ఆగిపోయినా ఆ పూల వెనక కోత కనబడదు. వాట్సాప్‌లో వచ్చేవి ఎక్కువగా అలాంటివే.

తంటా అంతా వెలుతురుతోనే. దీపాల వెలుగు చూసేవాళ్లకు ఎడమ పైనుంచి పడుతున్నట్టు బొమ్మలోనే కలిపేశారు, మార్చుకోలేం. ఒక కార్డులో వరుడి ఫొటో దానికి సరిపోయింది. వధువుది కిటికీ పక్కన తీసింది, వెలుగు కుడినుంచి. పక్కపక్కన పెడితే కారణం ఎవరికీ తట్టదు గానీ, అతికించినట్టుందని మాత్రం అందరూ అంటారు.

అప్పుడు చెయ్యి Flip Horizontal మీదికే పోతుంది. వెలుగు కుదురుతుంది, పైట మాత్రం కుడి భుజం మీదికొచ్చేస్తుంది. ప్రూఫు చూసిన పెద్దావిడ మొదటి మాట, "పిల్లకి గుజరాతీ కట్టెందుకు కట్టారు?" పోనీ వరుణ్ణి తిప్పుదామంటే ఇంకా ప్రమాదం. ఉత్తరీయం పక్కన జంధ్యం కనబడుతుంటే అది కుడి భుజం మీదికి పోతుంది. అపసవ్యం పితృకార్యాలకు గానీ శుభలేఖకు కాదు. పాపిడీ పుట్టుమచ్చా పక్క మారేసరికి ఇంటివాళ్లకు ముఖమే కొత్తగా తోస్తుంది.

తిప్పకుండా చేసే దారి ఒకటుంది. వధువు లేయరు మీద కొత్త లేయరు పెట్టి, దాన్ని ఆమె బొమ్మకే క్లిప్ చేసి, 50 శాతం బూడిదరంగు నింపి Soft Light లో పెట్టాలి. మెత్తటి బ్రష్ 10 శాతం ఒపాసిటీతో మనకు ఎడమవైపు కనబడే చెంప, భుజం మీద తెలుపు, కుడివైపు నలుపు పలచగా రెండు మూడుసార్లు పూయాలి. ఒక్కసారే గట్టిగా రుద్దితే చర్మం బూడిద పూసినట్టవుతుంది. చివర్లో ఇద్దరి మీదా కలిపి ఒకే Photo Filter పసుపు ఛాయ వేస్తే ఒకే దీపం కింద నిలబడ్డట్టుంటారు. ఎండలో తీసి ముక్కు నీడ గీతలా పడిన ఫొటోకి ఇదేదీ పనిచేయదు, ఇంకో ఫొటో అడగాల్సిందే.

ముందు లేయరు గురించి ఇంకో మాట. గోరింటాకు చేతులు కనబడాలన్నవాళ్లకు ఆ పూలే అడ్డం. నిలువెత్తు ఫొటోలొస్తే దాన్ని ఆపేసి పాదాల కింద నీడ మనమే గీసుకోవాలి, లేకపోతే జంట గాల్లో తేలుతుంది.

చేతికందిన ఫొటోతోనే సరిపెట్టుకోవాల్సిన మాలాంటి డీటీపీ షాపుకి డబ్బులు గిట్టాయి. ఇద్దరినీ ఒకేచోట నిలబెట్టి ఫొటో తీసుకునే స్టూడియోవాళ్లకు దీంతో అంత పనుండకపోవచ్చు.