కావలి ఊరివాళ్లూ, జాగ్రత్త: రౌటర్ లాగ్‌లో ‘అటాక్’ చూపించి కొత్త రౌటర్ అంటగడతారు

మాటిమాటికీ నెట్ పోతోందని కొత్త రౌటర్ కొనబోతున్నారా? ఒక్క పది నిమిషాలు ఆగి ఇది చదవండి. రౌటర్ తనకి జరిగిందంతా రాసుకునే లాగ్‌లో నాలుగు లైన్లు చదవడం రాక నేను 4,700 రూపాయలు పోగొట్టుకున్నాను.

మే నెలాఖరు నుంచి మా ఇంట్లో రోజూ సాయంత్రం నెట్ పోవడం మొదలైంది. నేను ఇంటి నుంచే పనిచేస్తాను, ఆరున్నరకి షిఫ్టు. సరిగ్గా మీటింగ్‌లో కూర్చునే వేళకి వైఫై గుర్తు ఉంటుంది గానీ నెట్ ఉండదు. పది నిమిషాలకి వస్తుంది, మళ్లీ పోతుంది. రాత్రి భోజనాలయ్యాక ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. కేబుల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే మర్నాడు పదకొండింటికి కుర్రాడు వచ్చాడు. ఆ వేళప్పుడు నెట్ బంగారంలా ఉంది. లైన్ బాగుందన్నా, మీ రౌటరే ఏదో అవుతోంది, ఫలానా షాపులో చూపించండి అన్నాడు.

షాపాయన రౌటర్ ఆన్ చేసి, 192.168.0.1 తెరిచి, సిస్టమ్ లాగ్ అనే పేజీకి వెళ్లి, మానిటర్ నా వైపు తిప్పాడు.

```
[DoS Attack: SYN/ACK Scan] from source: 203.0.113.45, port 443
[DoS Attack: ACK Scan] from source: 198.51.100.20, port 443
```

(అంకెలు మార్చాను, మాటలు అవే.) ‘చూడన్నా, బయటినుంచి ఎట్టా కొడతన్నారో! ఈ పాత బాక్సు తట్టుకోలేక పడిపోతా ఉంది’ అన్నాడు. అటాక్ అన్న మాట కళ్లెదురుగా కనబడుతుంటే ఎవరికైనా గుండె జారుతుంది. నాకూ జారింది. కొత్త రౌటర్ 3,500, దాని మీద ‘సెక్యూరిటీ లైసెన్సు’ 1,500, పాతది ఎక్స్ఛేంజికి తీసుకుని 300 తగ్గించాడు. ఫోన్‌తో ఆ లాగ్‌ని ఫొటో తీసుకున్నాను, ఆఫీసులో చూపించుకుందామని. ఆ రోజు నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆ సాయంత్రం 6:34కి కొత్త రౌటర్‌తో కూడా నెట్ పోయింది.

అప్పుడు కసి పుట్టి లాగ్ పేజీ తెరిచాను. మామూలుగా మనం చేసే పని రౌటర్ ఆపి మళ్లీ వేయడం. అది చేయకండి. చాలా ఇంటి రౌటర్లలో లాగ్ తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది, కరెంటు తీస్తే చెరిగిపోతుంది. ఫోన్‌లో ‘ఒకసారి రీస్టార్ట్ చేయండి సార్’ అనేవాళ్లకి తెలుసో తెలియదో గానీ, సాక్ష్యం అక్కడే పోతుంది. నెట్ లేకపోయినా వైఫై మీద రౌటర్ పేజీ తెరుచుకుంటుంది. ముందు ఫొటో తీయండి, తర్వాత ఏమన్నా చేయండి.

నాకు కనబడింది ఇది:

```
Jun 14 13:04:12 pppd: No response to 3 echo-requests
Jun 14 13:04:12 pppd: Serial link appears to be disconnected.
Jun 14 13:04:18 pppd: Connection terminated.
Jun 14 13:04:48 pppd: Timeout waiting for PADO packets
```

మొదట 13:04 అంటే మధ్యాహ్నం ఒంటిగంట అనుకుని, ఇది ఈ సంగతి కాదులే అని దాటేశాను. తర్వాత వెలిగింది, రౌటర్ గడియారం గ్రీనిచ్ టైములో ఉందని. మన టైము కావాలంటే దానికి అయిదున్నర గంటలు కలపాలి. 13:04కి కలిపితే సాయంత్రం 6:34, అచ్చంగా నెట్ పోయిన నిమిషం. మీ లాగ్‌లో టైము తేడాగా ఉంటే మొదట సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ చూడండి. లేకపోతే షాపాయన చూపించిన ఏ లైనునైనా ఏ డిస్‌కనెక్షన్‌కైనా ముడిపెట్టేయొచ్చు.

ఇక ఆ లైన్లు చెప్పేదేంటంటే, మన రౌటర్ అవతలి ఆపరేటర్ మెషీన్‌ని కొద్ది క్షణాలకోసారి ‘ఉన్నావా’ అని పిలుస్తుంటుంది. మూడుసార్లు పిలిచినా పలకలేదు (మొదటి లైను). సరే లైన్ పోయిందనుకుని తెంపేసింది. తర్వాత కొత్తగా కలుపుకుందామని ‘ఎవరైనా ఉన్నారా’ అని కేకేసింది, దానికి రావాల్సిన జవాబు పేరే PADO, అదీ రాలేదు. అంటే రౌటర్ శుభ్రంగా బతికే ఉంది, అరుస్తూనే ఉంది. దాని అరుపే అవతలికి చేరడం లేదు.

రౌటరే చచ్చి లేస్తుంటే లాగ్ ఇలా ఉండదు. పాత లైన్లన్నీ మాయమై, కొత్తవి 1970 జనవరి 1తోనో, మరేదో పాత తేదీతోనో మొదలవుతాయి. ఎందుకంటే లేచిన రౌటర్‌కి నెట్ వచ్చి టైము సరిచేసుకునేదాకా తేదీ తెలియదు. `LCP terminated by peer` అని ఉంటే తెంపింది అవతలి ఆపరేటర్ మెషీన్. ప్యాక్ అయిపోయిందో, అక్కడ ఏదన్నా రీస్టార్ట్ చేశారో అడగాలి. `authentication failed` అంటే యూజర్ నేమో పాస్‌వర్డో తప్పు. రౌటర్ వెనక వైరు ఊగులాడుతుంటే బయటి లైను గుచ్చే వ్యాన్ పోర్టు లింకు డౌన్ అని పడుతుంది. కంపెనీని బట్టి మాటలు కొంచెం మారతాయి గానీ వరస ఇదే. నాకు ఈ నాలుగూ లేవు. మిగిలింది లైనే.

లైనంటే మా ఇంట్లో రౌటర్‌కి ముందు ఇంకో తెల్ల డబ్బా ఉంది, ఫైబర్ దాంట్లోకే వస్తుంది. టీవీ పైన అటక మీద పెట్టారు, దాన్ని చూసేవాళ్లే లేరు. మర్నాడు పొద్దున దాని పేజీ తెరిస్తే, లోపలికొచ్చే వెలుగు బలం -22.4 dBm అని చూపించింది. ఈ డబ్బాలకి మామూలుగా -8 నుంచి -27 దాకా సరిపోతుంది. మైనస్ అంకె పెరిగేకొద్దీ వెలుగు సన్నగిల్లుతున్నట్టు. -27 దాటితే కాసేపు పట్టుకుంటుంది, కాసేపు వదిలేస్తుంది. ఆ సాయంత్రం స్టూలెక్కి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. 6:30కి -22.5. 6:33కి ఠకీమని -30.8. మరుక్షణం `LOS` అన్న దగ్గర ఎర్ర దీపం కొట్టుకోవడం మొదలెట్టింది.

ఆ నిమిషంలో ఇంట్లో జరిగింది ఒక్కటే. వంటింట్లోంచి వచ్చి మా అమ్మ హాలు కిటికీ మూసింది, దోమలు వస్తాయని.

కేబుల్ కుర్రాడు గోడకి బెజ్జం పెట్టే ఓపిక లేక ఫైబర్ వైరుని కిటికీ రెక్క సందులోంచి లోపలికి లాగాడు. రెక్క మూసి గొళ్లెం వేస్తే వైరు నొక్కుకుపోయి మడత పడుతోంది. రాగి తీగని నొక్కినా కరెంటు పారుతుంది గానీ, గాజు తీగలో వెలుగు అలాక్కాదు. మడత దగ్గర పక్కకి కారిపోతుంది. గాలికి రెక్క కదిలినప్పుడల్లా నెట్ వచ్చి పోతోంది. భోజనాలయ్యాక ఉక్కపోస్తోందని అమ్మ కిటికీ తెరుస్తుంది, నెట్ నిలబడుతుంది. కుర్రాడు పొద్దున వస్తాడు, కిటికీ తెరిచే ఉంటుంది, లైన్ బాగుందంటాడు. అమ్మకి చెబితే ‘నేనేం జేశాను నాయనా, దోమలకి గదా మూసేది’ అంది.

200 రూపాయలిస్తే ఎలక్ట్రీషియన్ గోడకి బెజ్జం కొట్టాడు. కేబుల్ వాళ్లు వచ్చి నలిగిన ముక్క కోసేసి కొత్త కనెక్టర్ వేశారు. ఇప్పుడు కిటికీ మూసినా తెరిచినా -21 దగ్గరే ఉంటోంది.

మరి ఆ ‘అటాక్’ లైన్ల మాటేంటి? అవి కొత్త రౌటర్ లాగ్‌లోనూ రోజంతా పడుతూనే ఉన్నాయి, నెట్ పోయినప్పుడూ, హాయిగా నడుస్తున్నప్పుడూ. లైను చివర ఉన్న అంకె చూడండి, 443. అవతలివాళ్లు పంపిన పోర్టు అది. మనం బ్రౌజర్‌లో తెరిచే వెబ్‌సైట్లు జవాబిచ్చేది ఆ పోర్టు నుంచే. ఫోన్ పేజీ మూసేసి వెళ్లిపోయాక సర్వర్ నుంచి ఆలస్యంగా వచ్చిన జవాబుని, ఇదెవరు అడిగారో గుర్తులేక రౌటర్ అనుమానంగా రాసుకుంటుంది. చాలామటుకు ఇవి అలాంటివే.

పైగా మా ఇంటికి బయటినుంచి నేరుగా తలుపు కొట్టే దారే లేదు. రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ 100.72తో మొదలవుతోంది. 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అంకెలు ఆపరేటర్లు లోపల పంచుకునేవి, ఒకే బయటి అడ్రసు వెనక ఎన్నో ఇళ్లని పెట్టడానికి. బయటి ప్రపంచంలో ఆ అడ్రసుకి దారి ఉండదు. అదే ఆపరేటర్ కింద ఉన్న వేరే ఇంటి మెషీన్ తట్టే వీలు మాత్రం కొంత ఉంటుంది. మీ షాపాయన అటాక్ అన్నప్పుడు మొదట ఈ అంకె చూడండి.

మీకు నిజమైన పబ్లిక్ ఐపీ ఉంటే 23, 7547 లాంటి పోర్టుల మీద రోజూ తట్టుతూనే ఉంటారు. 2016లో వచ్చిన మిరాయ్ లాంటి ప్రోగ్రాములు ఊరూవాడా తిరిగి తలుపులు తట్టి చూసే రకం. పక్కన డ్రాప్ అనో, బ్లాక్ అనో ఉంటే తలుపు వేసే ఉందన్నమాట, నెట్ పోవడానికి అది కారణం కాదు. భయపడాల్సిన లైను వేరు: ఇంట్లో ఎవరూ తెరవని వేళ, 192.168తో మొదలుకాని అడ్రసు నుంచి అడ్మిన్ లాగిన్ సక్సెస్ అని ఉండటం. వెబ్‌సైట్ల పేర్లకి అడ్రసులు వెతికిపెట్టే డీఎన్‌ఎస్ అంకెలు మీరు మార్చకుండానే మారిపోయి ఉండటం. అవి కనబడితే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆపేసి, రీసెట్ చేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ కొత్తది పెట్టుకోవాలి. దీనికీ కొత్త రౌటర్ అక్కర్లేదు.

వారం తర్వాత ఈ ఫొటోలన్నీ పట్టుకుని షాపుకి వెళ్లాను. సీలు తీశాక రౌటర్ వాపసు లేదన్నాడు. 1915కి, అదే కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేస్తానంటే లైసెన్సు తాలూకు 1,500 మాత్రం సణుక్కుంటూ ఫోన్‌పే చేశాడు. ఆ డబ్బు పడిందా లేదా అని ఫోన్ తీసి చూస్తే పైన వైఫై గుర్తు. నేను కనెక్ట్ చేయలేదు. పేరు చూస్తే మా ఇంటిదే.

కౌంటర్ పక్కన చెక్క మీద మా పాత రౌటర్ దీపాలతో వెలుగుతూ ఉంది, ‘సెకండ్ హ్యాండ్, 900’ అని స్టిక్కరు వేసి. మా వైఫై పేరు, పాస్‌వర్డ్, ఆపరేటర్ ఇచ్చిన లాగిన్ అన్నీ దాంట్లో అలాగే ఉన్నాయి. కొత్త రౌటర్‌కీ నేను అదే పాస్‌వర్డ్ పెట్టాను. వెనక బెజ్జంలో పిన్ను గుచ్చి పది సెకన్లు పట్టుకుని, దీపాలన్నీ ఆరి మళ్లీ వెలిగేదాకా అక్కడే నిలబడి, ఇంటికొచ్చి పాస్‌వర్డ్ మార్చాను.