లూయీ విటాన్ స్పీడీ 30: బాక్సు లేని నా బ్యాగు, అన్నీ ఉన్న వదిన బ్యాగు

నా స్పీడీ 30 మోనోగ్రామ్ సెకండ్‌హ్యాండ్‌ది. కొన్నప్పుడు బాక్సు, డస్ట్ బ్యాగ్, బిల్లు ఏవీ రాలేదు. కొన్నేళ్లుగా ఆఫీసుకి రోజూ అదే. ఈమధ్య వదిన కూడా అదే మోడల్ తెచ్చుకుంది, ఆరెంజ్ బాక్సు, బిల్లు, పైగా అథెంటిసిటీ కార్డుతో సహా. "కార్డు ఉందిగా, ఇంకేం చూస్తావే?" అంది.

నాకు మొదటి అనుమానం ఆ కార్డు మీదే వచ్చింది. లూయీ విటాన్ అసలు అథెంటిసిటీ కార్డులే ఇవ్వదు. షనెల్ చాలా ఏళ్లు ఇచ్చింది కాబట్టి, ఖరీదైన బ్యాగు ఏదైనా కార్డుతోనే వస్తుందని చాలామంది అనుకుంటారు. నకిలీలు చేసేవాళ్లు ఆ నమ్మకాన్నే వాడుకుంటారు. బిల్లు నిజమైనదే కావచ్చు. కానీ దాని మీద ఉండేది మోడల్ పేరు, ధర. బ్యాగు ఎక్కడ, ఎప్పుడు తయారైందో చెప్పే లోపలి డేట్ కోడ్ ఉండదు. కాబట్టి ఒక అసలు బిల్లుని ఏ స్పీడీకైనా జత చేయొచ్చు. ఖాళీ బాక్సులు, డస్ట్ బ్యాగులూ విడిగా అమ్ముడుపోతూనే ఉంటాయి.

ఇద్దరం రెండు బ్యాగుల్నీ పక్కపక్కన పెట్టి చూశాం. స్పీడీకి ఒకే కాన్వాస్ ముక్కని ఒకవైపు నుంచి అడుగుమీదుగా రెండోవైపుకి తిప్పుతారు. అందుకే ఒకవైపు ఎల్‌వీ అక్షరాలు నిటారుగా, రెండోవైపు తలకిందులుగా ఉంటాయి. వదిన బ్యాగుకి అడుగున అతుకు కుట్టు ఉంది, రెండువైపులా అక్షరాలు నిటారుగానే ఉన్నాయి. అది చూశాక వదిన ఇంకేమీ అడగలేదు. పాపం, ఇచ్చిన డబ్బు తక్కువేం కాదు.

అయితే మంచి నకిలీలు ఈ అక్షరాల సంగతి కూడా సరిగ్గానే చేస్తాయి. అప్పుడు తోలు చూడాలి. హ్యాండిళ్లకి వాడే వాషెట్టా తోలుకి పైపూత ఉండదు. అందుకే నా బ్యాగు హ్యాండిళ్లు చేతి జిడ్డుకీ ఎండకీ తేనెరంగు దాటి ముదిరాయి, వానచినుకులు పడ్డచోట మచ్చలు కట్టాయి. నీటిచుక్క పడగానే పూసలా జారిపోతే ఆ తోలు మీద పూత ఉన్నట్టే. కాకపోతే కొందరు తోలుకి వాటర్‌ప్రూఫ్ స్ప్రే కొడతారు, కాబట్టి ఈ ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదు.

నా బ్యాగులో డేట్ కోడ్ SD4089. 2007 నుంచి వాడిన పద్ధతిలో ఒకటో, మూడో అంకెలు వారం, రెండో, నాలుగో అంకెలు ఏడాది. అంటే 2009లో 48వ వారం. SD అమెరికా ఫ్యాక్టరీ అక్షరాలు, బయటి తోలు మీద ముద్రా "మేడ్ ఇన్ యూఎస్ఏ" అనే ఉంది. అక్కడ ఫ్రాన్స్ అని ఉంటే కథ అక్కడితో ఆగేది. ఈ కోడ్‌ని కూడా కాపీ కొట్టొచ్చు. అది సీరియల్ నంబర్ కాదు, ఒకే కోడ్ చాలా బ్యాగులకి ఉంటుంది. 2021 నుంచి కోడ్ బదులు లోపల చిప్ పెడుతున్నారు.

ఇప్పుడు ఎవరైనా అడిగితే, అమ్మేవాళ్లని బాక్సు ఫొటోలు కాకుండా ఇవి పంపమని అడగమంటున్నాను: రెండువైపులా కాన్వాస్, అడుగుభాగం, హ్యాండిల్ కుట్టు దగ్గరగా, ముద్ర, డేట్ కోడ్.