కేకు ఫొటోలో కొవ్వొత్తి వెలిగించడానికి గింప్ 3: కుదిరేవి, విసిగించేవి

బేకరీ మెనూలకీ ఆర్డర్ ఫొటోలకీ కొవ్వొత్తులు, చెర్రీలు తర్వాత చేర్చే పనికి గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌ను పాత 2.10 రోజుల నుంచీ వాడుతున్నాను. 2025లో వచ్చిన 3.0 ఈ పనికి నిజంగా పనికొచ్చే మార్పు తెచ్చింది. బ్లర్, ఎక్స్‌పోజర్ లాంటి ఫిల్టర్లు ఇప్పుడు లేయర్‌లో కరిగిపోవు. లేయర్ పక్కనున్న fx గుర్తు నొక్కి, నీడ ఎంత మెత్తగా ఉండాలో ఎప్పుడైనా మార్చుకోవచ్చు. 2.10లో అయితే ప్రతిసారీ వెనక్కి వెళ్లి మళ్లీ గీయాల్సిందే.

కొవ్వొత్తి నకిలీదని పట్టిచ్చేది మంట కాదు, దాని వెలుగు. ఎక్కువమంది మంట చుట్టూ నారింజ రంగు మచ్చ పెట్టి, స్క్రీన్ మోడ్ వేసి వదిలేస్తారు. చాక్లెట్ కేకు మీద అది పొగమంచులా తేలుతుంది. వెలుగు పడ్డ చోట చాక్లెట్ వెచ్చగా, ప్రకాశంగా కనబడాలి గానీ నారింజగా మారకూడదు. అందుకే ఫొటో లేయర్‌నే నకలు తీసి, `Colors > Exposure`లో సుమారు 1.5 స్టాప్‌లు పెంచి, `Color Temperature`తో వెచ్చబరిచి, నల్ల మాస్క్ వేసి, వెలుగు పడే చోట మాత్రమే తెరుస్తాను. స్క్రీన్ మోడ్ మంటకూ దాన్ని ఆనుకుని ఉండే సన్నని కాంతివలయానికీ మాత్రమే. మంటను నల్లగుడ్డ ముందు, చీకటి గదిలో, కాస్త తక్కువ ఎక్స్‌పోజర్‌తో తీసి పెట్టుకుంటే స్క్రీన్‌లో నలుపు దానంతటదే మాయమవుతుంది.

ఆ వెలుగు ఎంత మేర పడాలి? అరకిలో కేకు ఒకటి తీసుకుందాం. వెడల్పు 15 సెం.మీ., ఎత్తు 8 సెం.మీ. ఫొటోలో పైభాగం 1800 పిక్సెళ్ల వెడల్పు, 800 పిక్సెళ్ల లోతు ఉంది. అంటే సెంటీమీటరుకు 120 పిక్సెళ్లు, 5 మి.మీ. కొవ్వొత్తి 60 పిక్సెళ్ల మందం ఉండాలి. మంట కేకు పైనుంచి 8 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే, సరిగ్గా దాని కింద ఉన్న వెలుగుతో పోలిస్తే 8 సెం.మీ. దూరంలో ఇంకా మూడోవంతు మిగులుతుంది. 16 సెం.మీ. దగ్గర పదకొండో వంతు. నడిమధ్య గుచ్చిన కొవ్వొత్తి వెలుగు కేకు అంచుదాకా వెళుతుందన్నమాట. చుట్టూ చిన్న గుండ్రని మచ్చ పెడితే కన్ను నమ్మకపోవడానికి కారణం అదే.

వేరే లేయర్‌పై 16 సెం.మీ.కు సరిపోయే 1920 పిక్సెళ్ల వ్యాసార్ధంతో రేడియల్ గ్రేడియంట్ గీసి, కర్వ్స్‌లో నడిమి విలువను 50 నుంచి 35 శాతానికి దించి, నిలువుగా 44 శాతానికి కుదించి (800ని 1800తో భాగిస్తే వచ్చేది), మాస్క్‌లో అతికించాలి. తర్వాత కేకు పక్కగోడను మాస్క్‌లో పూర్తిగా నల్లగా చేయాలి. మంట అంచుకు లోపలివైపు ఉంది కాబట్టి బయటి గోడకు దాని వెలుగు తగలదు. ఈ లెక్కలో బల్ల మీద కూడా కేకు చుట్టూ 7.5 సెం.మీ. వరకు కొవ్వొత్తి వెలుగు పడదు, ఆ తర్వాతే మొదలవుతుంది. ఈ ఒక్క వివరం మిగతా పనంతటి కన్నా ఎక్కువ నమ్మిస్తుంది.

పట్టపగటి వెలుతురులో తీసిన ఫొటోలో ఇదంతా చేసినా తేలదు. నిజం కొవ్వొత్తి కూడా కిటికీ వెలుగులో కేకును వెలిగించదు. ముందు అసలు ఫొటోను స్టాప్‌న్నర, రెండు స్టాప్‌లు చీకటి చేయాలి. కస్టమర్ ఒప్పుకోకపోతే మంట, కొవ్వొత్తి నీడ మాత్రం పెట్టి, వెలుగు జోలికి పోకపోవడమే మేలు.

ఇక కొవ్వొత్తి కేకులో దిగే చోటు. కొవ్వొత్తి అడుగును సరళరేఖలా వదిలితే స్టిక్కర్‌లా కనిపిస్తుంది. చివరి 3, 4 మిల్లీమీటర్లను మాస్క్‌తో చెరిపి, క్రీమ్ గీతల ఆకారంలోనే అంచు తీయాలి. నీడ రెండు పొరలుగా, మల్టిప్లై మోడ్‌లో: అంటుకున్న చోట 3 పిక్సెళ్ల బ్లర్‌తో సన్నని గీత, కిటికీకి ఎదురువైపు పొడుగ్గా సాగి, దూరం వెళ్లేకొద్దీ మెత్తబడేది ఇంకొకటి. రంగు నలుపు వద్దు. అదే క్రీమ్ మడతలో ఉన్న నీడ నుంచి తీసుకోవాలి. చెర్రీకీ ఇదే పద్ధతి, కాకపోతే తెల్లక్రీమ్ మీద దాని అడుగున కొంచెం ఎరుపు ఛాయ కలపాలి. మెరుపు చుక్క కిటికీ వైపే ఉండాలి.

విసిగించేవీ ఉన్నాయి. కింది పొర వెలుగునీడలను బట్టి లేయర్‌ను దాచే ఫొటోషాప్ బ్లెండ్ ఇఫ్ స్లైడర్ల లాంటివి ఇందులో లేవు, మాస్క్ చేత్తోనే గీయాలి. మూడు నాలుగు కొవ్వొత్తులకు పైగా పెడితే ఒక్కోదానికి వెలుగు నకలు లేయర్ కావాలి, పాత ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. 8 బిట్‌లో పనిచేస్తే చీకటి నేపథ్యంలో కాంతివలయం మెట్లు మెట్లుగా విరుగుతుంది. `Image > Precision`లో 32 బిట్‌కు మార్చి మొదలుపెట్టి, చివర్లో కొద్దిగా `RGB Noise` వేస్తే ఆ మెట్లు కనబడవు. అతికించిన కొవ్వొత్తికీ అసలు ఫొటోకీ గ్రెయిన్ కూడా కలుస్తుంది.